ఫౌండర్ పేరుతో పోస్ట్ రాసేటప్పుడు ఆయన మాట పోకుండా ఎలా రాయాలి: ఒక్క పోస్ట్, మొదటి ఫోన్ నుంచి చివరి కామెంట్ దాకా

నేను వైజాగ్‌లో కంటెంట్ రాస్తాను, అందులో సగం పైన ఘోస్ట్ రైటింగే, అంటే కంపెనీ పెట్టినవాళ్ళు చెప్తారు, నేను రాస్తాను, వాళ్ళ పేరుతో బయటికి వెళ్తుంది. ఇక్కడ ఒక్క పోస్ట్ గురించే చెప్తాను, కానీ మొత్తం చెప్తాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర్లో కోల్డ్ రూమ్ నడిపే ఒకాయనది అది. బోటు వాళ్ళు, చిన్న రొయ్యల వ్యాపారులు ట్రేకి రోజుకి ఇంత అని అద్దె కట్టి సరుకు పెట్టుకుంటారు ఆయన దగ్గర. ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటర్ కూడా స్టార్ట్ అవ్వకపోతే ఏం చేశారన్నదే ఆ పోస్ట్. యాభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మాట్లాడుతుంటే అలా వింటూ కూర్చోవాలనిపిస్తుంది.

ఆయనకి నేను రాసిచ్చిన మొదటి పోస్ట్ మాత్రం చాలా శుభ్రంగా వచ్చింది, తప్పు లేదు, ఒక్క వాక్యం కూడా తడబడలేదు. లింక్డ్‌ఇన్‌లో పెట్టిన గంటకి ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న స్టోర్ ఆయన ఫోన్ చేసి "సార్, ఎవరిచేత రాయించారు?" అని అడిగారట. ఆయన నాకు చెప్పినప్పుడు కోపంగా చెప్పలేదు, "బాగుందమ్మా, కానీ నాది కాదులా ఉంది" అన్నారు అంతే. ఆ పోస్ట్ తీయించేసి మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఆ రెండోసారి ఏం చేశామో అదే ఇది.

మొదటి పని: ఎవరికి చెప్తున్నారో మార్చండి

మామూలుగా మనం చేసేదేంటంటే ఒక కాల్ పెట్టుకుని "సార్, మీ అనుభవం నుంచి ఏం నేర్చుకున్నారు" అని అడుగుతాం. ఆ ప్రశ్న వినగానే ఎంత మామూలు మనిషైనా స్టేజి ఎక్కేస్తాడు, "కష్టపడితే ఫలితం ఉంటుంది" టైపు మాటలు వస్తాయి, వాటిలో ఆయన ఎక్కడా ఉండరు. అభిప్రాయం అడిగే ప్రశ్నలు పక్కన పెట్టి, జరిగింది అడగండి. ఆ టైమ్‌కి ఎక్కడున్నారు, ఫోన్ ఎవరు చేశారు, ఆయన అన్న మొదటి మాటేంటి, మీరేమన్నారు, తర్వాత బండి ఎవరు తీశారు. ఇలాంటివి అడిగితే మనిషి ఆ రాత్రిలోకి వెళ్ళిపోతాడు, మాట మీద ధ్యాస పోతుంది, అప్పుడు అసలు మాట వస్తుంది.

రికార్డ్ చేస్తున్నానని ముందే చెప్పి, సరే అన్నాకే రికార్డర్ ఆన్ చేయాలి. మొదటి పది నిమిషాలు జాగ్రత్తగా మాట్లాడతారు, ఆ భాగం పనికిరాదు, అందుకే నేను నలభై నిమిషాలకి తక్కువ కాకుండా కూర్చుంటాను. వాళ్ళు ఇంట్లో, షాపులో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలోనే అడగాలి. ఇంగ్లీషులో అడిగి తర్వాత తెలుగు చేద్దాం అనుకుంటే మాత్రం ఇంక వదిలేయండి, అందులోంచి ఆయన మాట తిరిగి రాదు.

ఇక్కడే నాకు ఒక చిక్కు వచ్చింది. ఆయన నాతో మాట్లాడినంతసేపూ "మరేటంటేనమ్మా", "చూడమ్మా" అని మాట్లాడారు. అంటే ఆ రికార్డింగ్ మొత్తం ఒక పెద్దాయన, వ్యాపారం తెలియని ఆడపిల్లకి విడమర్చి చెప్తున్న మాట. కోల్డ్ రూమ్‌లో సరుకు ఎలా పెడతారో కూడా నాకు వివరించారు, అది పోస్ట్ చదివేవాళ్ళకి అక్కర్లేదు. అందుకని అదే కథని ఇంకోసారి, ఆయన స్నేహితుడు ఒకాయన ఉన్నారు ఐస్ ఫ్యాక్టరీ నడుపుతారు, ఆయనకి వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపమన్నాను, పంపి నాకు ఫార్వర్డ్ చేయమన్నాను. అది ఆరు నిమిషాలు. నాతో నలభై నిమిషాలు మాట్లాడిన దానికంటే ఆ ఆరు నిమిషాల్లోనే పోస్ట్ ఉంది. సమానుడికి చెప్తున్నారు కాబట్టి వివరణలు లేవు, గొప్పలు లేవు, నేరుగా తప్పు దగ్గరికి వెళ్ళిపోయారు. పోస్ట్ ఎవరు చదవాలని ఉందో అలాంటి ఒక మనిషికి చెప్పించడం, ఇది ఒక్కటి చేస్తే మిగతా పని సగం తగ్గుతుంది.

రెండో పని: ఉన్నదున్నట్టు మీ చేత్తో టైప్ చేయండి

ఆ వాయిస్ నోట్ మొత్తం, ఇంకా పెద్ద రికార్డింగ్‌లో మంచి భాగాలు, నేనే టైప్ చేస్తాను, ఇంకెవరికీ ఇవ్వను. పది నిమిషాల మాటకి గంట దాకా పడుతుంది, విసుగు పని, కానీ చేతికి ఆయన నడక అలవాటయ్యేది ఇక్కడే. టైప్ చేసేటప్పుడు సరిదిద్దకూడదు. వాక్యం మధ్యలో ఆగితే ఆగినట్టే, మాట వెనక్కి తీసుకుంటే తీసుకున్నట్టే, "ఆఁ", "అదీ" అన్నీ పెట్టాలి. ఆ వాయిస్ నోట్‌లో ఒక ముక్క నేను టైప్ చేసింది ఇలా ఉంది:

"కరెంటు పోయింది సార్ అని ఫోను, రాత్రి పదిన్నర, ఆఁ, పదకొండు అవ్వలేదింకా. పోతే పోయింది జనరేటర్ ఉంది కదా అన్నాను. జనరేటర్ స్టార్ట్ అవ్వట్లేదు సార్ అన్నాడు. ఎందుకవ్వట్లేదు? బ్యాటరీ డౌను సార్. మరేటంటే, ఆ జనరేటర్ ని వారానికోసారి ఒట్టిగానే, ఆఁ, లోడు లేకుండా ఆన్ చేసి ఓ పది నిమిషాలు నడపాలి కదా, నడపలేదు మేము. అదీ సంగతి. లోపల ఎంతుంది సరుకు? 600 కిలోలు, కాదు కాదు 640, రొయ్యలు. మాది కాదు. మాదైతే పోతే పోయింది అనుకుందును, మాది కాదు కదా, మాది కాదు."

మూడో పని: అలవాట్లు రాసుకోండి, అవి ఎక్కడ వస్తున్నాయో కూడా

ఇది అసలు పని, ఇక్కడ ఎక్కువసేపు ఉండండి. చాలామంది ఇక్కడ ఊతపదాలు నాలుగు పట్టుకుని ఆగిపోతారు, తర్వాత ఆ నాలుగింటినీ పోస్ట్ మీద ఉప్పులా చల్లుతారు, అది వెక్కిరింతలా ఉంటుంది. ఊతపదం ఏదో తెలిస్తే చాలదు, అది ఏ చోట వస్తుందో తెలియాలి.

"మరేటంటే" తీసుకోండి. నలభై నిమిషాల్లో 31 సార్లు అన్నారు, Ctrl+F కొట్టి లెక్కపెట్టాను. ఒక్కోటి ఎక్కడొచ్చిందో చూస్తే, దాదాపు అన్నీ ఒకే చోట: కథ ముందుకి వెళ్తూ వెళ్తూ ఆగి, వెనక్కి వెళ్ళి కారణం చెప్పేటప్పుడు. అలాగే "అదీ సంగతి" అనేది కారణం చెప్పడం అయిపోయాక, మళ్ళీ కథలోకి వచ్చే ముందు. అంటే ఈ రెండూ ఆయనకి తలుపుల్లాంటివి, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. నా మొదటి పోస్ట్‌లో "మరేటంటే" అని మొదటి వాక్యంలోనే పెట్టాను, యాస కనబడుతుంది కదా అని. ఆయన ఎప్పుడూ దానితో మొదలుపెట్టరు. స్టోర్ ఆయనకి అనుమానం వచ్చిన చోటు కూడా అదే అయ్యుంటుందని నా నమ్మకం, ఎందుకో చెప్పలేకపోవచ్చు గానీ చెవికి తెలిసిపోతుంది.

రెండోది, ఇది తెలుగులో రాసేవాళ్ళు తప్పకుండా పట్టుకోవాల్సింది: క్రియ తర్వాత మాట. పుస్తకం తెలుగులో క్రియ చివర ఉంటుంది, "మేము నడపలేదు", "సరుకు లోపల ఎంత ఉంది" అని. మాట్లాడేటప్పుడు మనం క్రియ చెప్పేసి, ఎవరు, ఏది అన్నది వెనక తగిలిస్తాం, "నడపలేదు మేము", "ఎంతుంది సరుకు" అని. కొందరు తక్కువ, కొందరు ఎక్కువ, ఈయన చాలా ఎక్కువ. మనం టైప్ చేస్తున్నప్పుడు చెయ్యి తెలియకుండానే దాన్ని సరిచేసి క్రియని చివరికి తోసేస్తుంది, ఒక్క అక్షరం తప్పు లేకుండా, ఒక్క మాట మారకుండా, మనిషి మాయమైపోతాడు. పాలిష్ అనేది పెద్ద పెద్ద మాటల వల్ల వస్తుందనుకుంటాం గానీ నా అనుభవంలో ఎక్కువసార్లు ఇక్కడి నుంచే వస్తుంది. డ్రాఫ్ట్ అయ్యాక వాక్యాల చివర్లు మాత్రమే చూసుకుంటూ వెళ్ళండి, వరసగా అన్నీ క్రియతోనే ఆగుతుంటే ట్రాన్స్‌క్రిప్ట్ తీసి పక్కన పెట్టి పోల్చండి.

మూడోది, అంకెలు. ఈయన ముందు రౌండ్ అంకె చెప్పి వెంటనే దిద్దుకుంటారు, "600, కాదు కాదు 640". ట్రే ట్రే లెక్క రాసుకునే మనిషి కాబట్టి అలా వస్తుంది. ఇంకో క్లయింట్ ఉన్నారు ఎంవీపీ కాలనీలో, ఆవిడ దేనికైనా "ఓ యాభై, వంద" అంటారు, ఆవిడకి నేను ఖచ్చితమైన అంకె రాస్తే అది ఆవిడది కాదు. అంకె ఎలా చెప్తారన్నది మనిషి పనిలోంచి వస్తుంది, అందుకే దాన్ని ఊతపదం కంటే ఎక్కువ నమ్ముతాను.

ఇంక నాలుగోది అనని మాటలు. రెండు రికార్డింగులూ కలిపి, పాత వాట్సాప్ వాయిస్ నోట్లు కూడా ఆయన ఇష్టపడి ఇస్తే అవీ కలిపి, ఆయన ఒక్కసారి కూడా అనని మాటల పట్టిక రాసుకుంటాను. ఈయనది: "టీమ్" అనరు, "కుర్రాళ్ళు" అంటారు. "ఉష్ణోగ్రత" అనరు, "టెంపరేచర్" అంటారు. "ప్రయాణం" అన్న మాట వైజాగ్ నుంచి శ్రీకాకుళం వెళ్ళడానికి తప్ప వాడరు. ముఖ్యంగా తన మనసు గురించి అస్సలు మాట్లాడరు, భయపడ్డాను, బాధపడ్డాను, గుండె ఆగినంత పనైంది, ఇలాంటివి ఒక్కటీ లేవు. దాని బదులు "మాది కాదు" అని మూడుసార్లు అన్నారు. ఆయన భయం మొత్తం ఆ మూడుసార్లలోనే ఉంది. నేను భయం అన్న మాట రాస్తే అది నాది అవుతుంది.

నాలుగో పని: ఎంత ఉంచాలి

ఉన్నదున్నట్టు పెడితే సరిపోదా అని అడుగుతారు కొందరు. సరిపోదు. చెవి "ఆఁ", "అదీ" లాంటివి వినకుండా వదిలేస్తుంది, కన్ను వదలదు, ప్రతిదాని దగ్గరా ఆగుతుంది, చదివేవాడికి ఈయన సరిగ్గా మాట్లాడలేరేమో అనిపిస్తుంది. అందుకే ఆలోచించుకోవడానికి తీసుకున్న చప్పుళ్ళు అన్నీ తీసేస్తాను. ఏదో పని చేస్తున్న మాటలు, అంటే కథని తిప్పేవి, అంకె దిద్దేవి, బరువు వేసేవి ఉంచుతాను.

ఎన్ని ఉంచాలన్నదానికి నా లెక్క ఇలా ఉంటుంది. 40 నిమిషాల్లో 31 "మరేటంటే"లు అంటే సుమారు నిమిషంపావుకి ఒకటి. పోస్ట్‌ని పైకి చదివితే నిమిషంన్నర పడుతుంది. అంటే ఒకటి వస్తుంది, ఒక్కటే పెట్టాను, అది కూడా వెనక్కి వెళ్ళే చోటే. మూడు "మాది కాదు"లలో రెండు ఉంచాను, మూడోది కాగితం మీద నాటకంలా అనిపించింది. అంకె దిద్దుకోవడం ఒక్కసారి ఉంచాను, అది కూడా ఆయన నిజంగా అన్నది కాబట్టి. దిద్దుకోవడం, తడబడటం మనం కొత్తగా పుట్టించి పెట్టకూడదు. అక్షర దోషాలు కావాలని పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, సహజంగా ఉంటుందని, నేను ఒప్పుకోను, అది ఆయన చదువుని తక్కువ చేసి చూపించడం, మాట తీరుకీ దానికీ సంబంధం లేదు.

యాస దగ్గర ఇంకా జాగ్రత్త. ఆయన "చేసీసాం", "ఇచ్చీసాను" అంటారు, ఇక్కడి చాలామంది లాగే. మన ఉత్తరాంధ్ర మాటని సినిమాల్లో ఎన్నేళ్ళుగా నవ్వించడానికే వాడారు, కాబట్టి రాతలో అది కాస్త ఎక్కువైనా చదివేవాడి బుర్రలో ఆ కామెడీ వేషమే మెదులుతుంది. అలాగని మొత్తం "చేసేశాం" చేసేస్తే ఆయన ఊరు పోతుంది. నేను పట్టుకున్న గీత ఏంటంటే, ఆయన స్వయంగా వాట్సాప్‌లో టైప్ చేసేటప్పుడు ఏం రాస్తున్నారో చూడటం. ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు, కానీ "ఇచ్చీసాను" అన్నదాన్ని అలాగే రాస్తారు, "ఏటి" అని మాత్రం ఎప్పుడూ రాయరు, "ఏంటి" అనే రాస్తారు, మాట్లాడేటప్పుడు "ఏటి" అన్నా సరే. అంటే ఆయన లెక్కలో ఒకటి రాతకి సరిపోతుంది, ఒకటి సరిపోదు. ఆ నిర్ణయం ఆయనది, నేను దాని ప్రకారం వెళ్ళాను. "మరేటంటే" టైప్ చేసిన సందర్భాలు దొరకలేదు, దాని గురించి విడిగా అడిగితే "ఉంచమ్మా, అది లేకపోతే నేనెలా చెప్తాను" అన్నారు.

ఐదో పని: రాయడం, చెప్పిన వరసలోనే

ముందు నా మొదటి పోస్ట్ ఎలా మొదలైందో చూడండి, ఎక్కడ చెడిందో తెలియడానికి:

"మరేటంటే, నమ్మకం అనేది వెలుగులో కాదు, చీకట్లో తెలుస్తుంది. ఆ రాత్రి మా కోల్డ్ రూమ్‌లో కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. 640 కిలోల రొయ్యలు. ఇద్దరు మత్స్యకారుల కష్టం. ఒక్క రాత్రి. మా టీమ్ వెనకడుగు వేయలేదు."

ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. కానీ నీతి ముందు పెట్టాను, ఆయన నీతి చెప్పే మనిషి కాదు. జనరేటర్ మొరాయించింది అన్నాను, ఆయన మాత్రం తప్పు జనరేటర్ మీద వెయ్యలేదు, నడపలేదు మేము అన్నారు, ఆ ఒక్క మార్పుతో పోస్ట్‌లోని నిజాయితీ మొత్తం పోయింది. ముక్కలు ముక్కలుగా కొట్టిన చిన్న వాక్యాలు ఆయనవి కావు, ఆయన ఒకటి మొదలుపెడితే కామాల మీద కామాలు వేసుకుంటూ పోతారు. మత్స్యకారులు అనే మాట వార్తల్లోది, హార్బర్ దగ్గర బోటు వాళ్ళు అంటారు.

రెండోసారి రాసేటప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచే వాక్యాలు ఎత్తుకుంటూ వెళ్ళాను, కొత్త వాక్యం రాయాల్సి వస్తే ఆగి, ఫోన్ చేసి అడిగి, ఆయన చెప్పింది పెట్టాను. వరస మార్చలేదు. బయటికి వెళ్ళింది ఇది:

"కరెంటు పోయింది సార్ అని ఫోను, రాత్రి పదకొండు అవ్వలేదింకా. పోతే పోయింది జనరేటర్ ఉంది కదా అన్నాను. జనరేటర్ స్టార్ట్ అవ్వట్లేదు సార్ అన్నాడు. ఎందుకవ్వట్లేదు? బ్యాటరీ డౌను.

మరేటంటే, జనరేటర్ ని వారానికోసారి ఒట్టిగానే ఆన్ చేసి ఓ పది నిమిషాలు నడపాలి, నడపలేదు మేము. మూడు నెలలైంది దాన్ని ముట్టుకుని, ఆ మూడు నెలలూ కరెంటు పోలేదు మరి. అదీ సంగతి.

లోపల ఎంతుంది సరుకు? 600 కిలోలు, కాదు కాదు 640, 32 ట్రేలు, రొయ్యలు. మాది కాదు, ఇద్దరు బోటు వాళ్ళది. మాదైతే పోతే పోయింది అనుకుందును, మాది కాదు కదా.

తలుపు తియ్యొద్దురా అన్నాను కుర్రాడితో, ఎవరొచ్చినా తియ్యొద్దు. హార్బర్‌లో ఐసు 8 దిమ్మలు దంచించి పట్టుకొచ్చి, తలుపు ఒక్కసారే తీసి, ట్రేల మీద పరిచి మూసీసాం. టెంపరేచర్ అప్పటికి 9 చూపిస్తోంది, 2 ఉండాలి. పొద్దున్న 5కి వచ్చింది కరెంటు.

పోయిందెంత అంటే 40 కిలోలు, తలుపు పక్కన ట్రేలు రెండు. ఆ 40 కిలోల డబ్బులు ఆ రోజు రేటుకే పట్టుకెళ్ళి ఇచ్చీసాను వాళ్ళకి.

ఇప్పుడు ప్రతి సోమవారం నడుపుతున్నాం జనరేటర్, గోడకి కాగితం అంటించాం, నడిపినవాడు సంతకం పెట్టాలి. బ్యాటరీ కొత్తది."

చివర్లో ఒక వాక్యం పెట్టాలని నా చెయ్యి చాలా లాగింది, ఏదైనా ముగింపులా. ఆయన వాయిస్ నోట్ "బ్యాటరీ కొత్తది వేయించాను, ఉంటా మరి" అని ఆగింది. ఉంటా మరి తీసేసి అక్కడే ఆపాను.

చిన్న సంగతి ఒకటి: లింక్డ్‌ఇన్‌లో పోస్ట్‌కి 3000 క్యారెక్టర్ల హద్దు ఉంది, తెలుగులో గుణింతం గుర్తు, ఒత్తు అన్నీ కంప్యూటర్‌కి విడివిడి క్యారెక్టర్లే, "స్త్రీ" అనే ఒక్క అక్షరమే ఆరు. కాబట్టి ఇంగ్లీష్ పోస్ట్ కొలతతో తెలుగు రాసుకుంటూ పోతే చివర్లో కోసుకోవాల్సి వస్తుంది, కోసేటప్పుడు మొదట పోయేవి ఇలాంటి "పోలేదు మరి"లే.

ఆరో పని: అంకెలు మనిషి నోటి నుంచి కాకుండా పుస్తకంలోంచి

మాట ఆయనది ఉంచుతాం, కానీ మాటలో ఉన్న వాస్తవం వేరేగా చూడాలి. వాయిస్ నోట్‌లో టెంపరేచర్ 7 అన్నారు. కోల్డ్ రూమ్ బయట గంటగంటకీ రాసే రిజిస్టర్ ఉంటుంది, దాని ఫోటో పంపమంటే ఆ రాత్రి ఐస్ వేసే ముందు గడిలో 9 అని ఉంది. 9 పెట్టాం. రెండు డిగ్రీలకేముంది అనుకోవచ్చు, కానీ చదివేవాళ్ళలో సరుకు పెట్టినవాళ్ళే ఉంటారు, ఎగుమతి కంపెనీల వాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఆ రెండు డిగ్రీల తేడా తెలుసు. 40 కిలోలకి డబ్బు కట్టిన సంగతి కూడా ఆ బోటు వాళ్ళిద్దరికీ ముందే చెప్పి, పేర్లు రాయట్లేదని చెప్పి, సరే అనిపించుకున్నాకే పెట్టాం. ఆయన పేరుతో వెళ్తున్న మాటకి రేపు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే కాబట్టి, ఆయనకి తెలియని వాస్తవం, ఆయన పడని భావం ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. ఇది నాకు రాత కంటే పెద్ద విషయం.

ఏడో పని: బాగుందా అని అడగొద్దు

డ్రాఫ్ట్ పంపి "బాగుందా సార్" అంటే "బాగుందమ్మా" అంటారు, మొహమాటం, పైగా మనం కష్టపడి రాశామని తెలుసు. మొదటి పోస్ట్ అలాగే దాటిపోయింది. ఇప్పుడు నేను అడిగేది ఒకటే, దీన్ని పైకి చదివి వాయిస్ నోట్ పంపండి సార్ అని. చదివేటప్పుడు మూడు రకాలుగా దొరుకుతుంది. తడబడితే ఆ వాక్యం ఆయన ఊపిరికి సరిపోలేదు. చదువుతూ చదువుతూ తెలియకుండానే మాట మార్చేస్తే, మార్చిందే సరైనది, వెంటనే రాసుకోవాలి. గొంతు ఒక్కసారిగా పాఠం అప్పజెప్తున్నట్టు మారిపోతే ఆ పేరా మొత్తం మళ్ళీ రాయాలి.

ఈ పోస్ట్‌లో నేను మొదట "పదిహేను నిమిషాల్లో హార్బర్ చేరుకుని, ఎనిమిది దిమ్మల ఐస్ కొనుగోలు చేసి" అని రాశాను, ఎందుకు రాశానో తెలీదు, అలసిపోయి ఉంటాను. చదువుతున్న ఆయన "హార్బర్‌లో ఐసు 8 దిమ్మలు దంచించి పట్టుకొచ్చి" అని చదివేశారు, నేను రాసింది అసలు చూడనట్టే. కొనుగోలు అనే మాట ఆయన కంటికి ఆనలేదు. దంచించడం అనేది కూడా నాకు తట్టలేదు, దిమ్మ దిమ్మలా ట్రే మీద పెడితే రొయ్యకి అన్ని వైపులా ఆనదు, దంచి పొడి చేసి పరిస్తేనే చల్లదనం పడుతుంది, ఆ పని చేసే మనిషికే ఆ మాట వస్తుంది.

తర్వాత ఆ స్టోర్ ఆయనకి చదివి వినిపించమన్నాను, ఎవరు రాశారో చెప్పకుండా. ఆయన విని "సోమవారం కాదు సార్, మొన్నటి నుంచి మంగళవారం చేస్తున్నాం" అన్నారట. రాత గురించి ఒక్క మాట లేదు. విన్నవాళ్ళు విషయం మీద మాట్లాడితే పోస్ట్ అయిపోయినట్టు, భాష మీద మాట్లాడితే ఇంకా పని ఉన్నట్టు. సోమవారం సంగతి కనుక్కుంటే ఒక్క వారం మారిందంతే, మళ్ళీ సోమవారానికి వచ్చేశారని తేలాక అలాగే ఉంచాం.

ఎక్కడ పనిచేయదు

ఈ పద్ధతి జరిగిన సంగతి చెప్పే పోస్టులకే. కొత్త రేట్లు చెప్పాలి, కొత్త కోల్డ్ రూమ్ ఎప్పుడు తెరుస్తున్నారో చెప్పాలి అంటే మామూలుగా రాసి కంపెనీ పేజీలో పెట్టడం మంచిది, దానికి ఆయన గొంతు తగిలిస్తే అతికినట్టుంటుంది. రెండోది, మాట్లాడటానికి టైమ్ ఇవ్వని ఫౌండర్‌కి ఇది చేయలేం. "మీకు తెలుసు కదా, ఏదో ఒకటి రాసేయండి" అనేవాళ్ళకి వాళ్ళ పేరుతో "నేను" అంటూ రాయడం మానేశాను, డబ్బు పోయినా సరే, ఎందుకంటే అక్కడ ఉంచడానికి మాట అంటూ ఏదీ లేదు, మొత్తం నేను పుట్టించాలి.

కామెంట్లకి జవాబులు ఆయనే ఇవ్వాలి, ఇది మొదటి రోజే ఒప్పందంలో పెట్టుకోండి. పోస్ట్ నేను రాసి జవాబులు కూడా నేనే రాస్తే ఎవరో ఒకరు లోతైన ప్రశ్న వేసినప్పుడు దొరికిపోతాం, అంతకంటే ముందు అది చదివేవాళ్ళని మోసం చేయడం అవుతుంది. ఈ పోస్ట్ కింద కాకినాడ నుంచి ఒకాయన, ఆయనకీ కోల్డ్ రూమ్ ఉందట, బ్యాటరీకి ట్రికిల్ చార్జర్ పెట్టుకోవచ్చు కదా అని అడిగారు. నాకు ఆ మాటే తెలీదు, బ్యాటరీ డౌన్ అవ్వకుండా ఎప్పుడూ కొద్దికొద్దిగా చార్జ్ చేస్తూ ఉండేదట. మా క్లయింట్ పావుగంటలో ఫోన్ నుంచే జవాబు ఇచ్చారు, ఇంగ్లీష్ అక్షరాల తెలుగులో, ఫుల్‌స్టాప్ ఒక్కటి లేకుండా: పెట్టాం, కానీ దాన్ని నమ్మి మళ్ళీ నడపడం మానేస్తామని భయం, అందుకే సంతకం కాగితం. ఆ జవాబుని నేను ముట్టుకోలేదు.